112 నుంచి 147కి: ఆ 35 మార్కులు ఎవరివి?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. జేఈఈ మెయిన్ పద్ధతిలో పెట్టే వీకెండ్ టెస్టుల్లో 300కి వరసగా 148, 171, 129, 158, 136, 176, 146 వచ్చాయి. తర్వాత ఒక్కసారిగా 112. ఆ రోజు బాగా తిట్టి, ఆ మార్కుల కాగితం ఫ్రిజ్‌కి అంటించాను. ఒక పర్సనల్ మెంటరింగ్ సెంటర్‌లో రెండు వారాల ట్రయల్‌కి చేర్పిస్తే 147, 158 వచ్చాయి. 35 మార్కులు పెంచాం అంటున్నారు. పూర్తి ప్యాకేజీ 60 వేలు. కట్టమంటారా, లేక ఆ డబ్బు లాంగ్ టర్మ్‌కి దాచమంటారా? ఇంకోటి, మెచ్చుకున్నప్పుడల్లా పాపకి మార్కులు తగ్గుతున్నాయి, తిడితే పెరుగుతున్నాయి.

జవాబు:

ముందుగా ఒక మాటండి. మీ పాపకేమీ కాలేదు. 112కి ముందు రాసిన ఏడు టెస్టుల మార్కులూ కూడి ఏడుతో భాగించండి, సరిగ్గా 152 వస్తుంది. మెంటరింగ్‌లో చేరాక వచ్చిన రెండింటి సగటు 152న్నర. అంటే పాప ఎక్కడుండేదో అక్కడికే వచ్చింది. సెంటర్ వాళ్లు 35 అని లెక్కపెట్టింది 112 నుంచి. అది పాప స్థాయి కాదు, పాపకి బాగోలేని ఒక ఆదివారం.

ఏ టెస్టు మార్కులోనైనా రెండు కలిసి ఉంటాయి. ఒకటి పిల్లకి నిజంగా వచ్చినది, రెండోది ఆ రోజు కలిసొచ్చినది లేదా కలిసిరానిది. ఈ రెండోది చిన్నదేమీ కాదు. తెలియని పది ప్రశ్నలకి ఊహించి పెట్టిందనుకోండి. ఐదు తగిలితే 15 మార్కులు వస్తాయి, ఒక్కటీ తగలకపోతే 10 పోతాయి. చదువులో ఏ తేడా లేకుండానే 25 మార్కుల తేడా వచ్చేసింది. దానికి నిద్రలేని రాత్రి, చదవని చాప్టర్ నుంచి నాలుగు ప్రశ్నలు, మొదట్లోనే ఒక లెక్క దగ్గర ఇరుక్కుని పోయిన పావుగంట కలపండి. 152 స్థాయి అమ్మాయికి 112 రావాలంటే ఇలాంటివన్నీ ఒకే రోజు జరగాలి. వచ్చే వారం కూడా అవన్నీ ఒకేసారి జరగడం అరుదు. అందుకే మామూలుగా రాసినా మార్కులు పెరిగినట్టు కనిపిస్తాయి. దురదృష్టం అయిపోయింది కాబట్టి అదృష్టం వస్తుందని కాదు, అదృష్టం లెక్క మళ్లీ కొత్తగా మొదలవుతుంది, అంతే. దీన్నే స్టాటిస్టిక్స్‌లో రిగ్రెషన్ టు ది మీన్ అంటారు, సగటు వైపు మళ్లడం అన్నమాట. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తులూ ఎదిగిన పిల్లల ఎత్తులూ పోల్చి దీన్ని చూపించాడు. బాగా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు పొడుగ్గానే ఉన్నారు, కానీ అంత కాదు.

మీరు రాసిన వరసనే మళ్లీ చూడండి. 129 తర్వాత 158 వచ్చింది, 136 తర్వాత 176. ఆ రెండోసారి ఏకంగా 40 మార్కులు, మెంటరింగ్ వాళ్లు చెప్పుకునే 35 కన్నా ఎక్కువ. అప్పుడు ఏ సెంటరూ లేదు, ఏ ఫీజూ లేదు.

ఇక తిట్ల సంగతి. ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. 171 వచ్చినప్పుడు మెచ్చుకున్నారు, తర్వాత 129. 176కి మెచ్చుకున్నారు, తర్వాత 146. 112కి తిట్టారు, తర్వాత 147. మీరు నోరు తెరవకపోయినా దాదాపు ఇదే జరిగేది. డేనియల్ కానెమన్ అనే మనస్తత్వవేత్తకి ఇజ్రాయెల్ వైమానిక దళంలో ఒక శిక్షకుడు అచ్చం మీ మాటే చెప్పాడు. కుర్రాళ్లు బాగా నడిపినప్పుడు మెచ్చుకుంటే తర్వాతిసారి చెడగొడుతున్నారనీ, చెడగొట్టినప్పుడు అరిస్తే బాగుపడుతున్నారనీ. కానెమన్ నేల మీద సుద్దముక్కతో ఒక గురి గీసి, శిక్షకులందరినీ దానికి వీపు పెట్టి నిలబడి, చూడకుండా రెండేసి నాణేలు వెనక్కి విసరమన్నాడు. మొదటిసారి గురికి దగ్గరగా పడినవాళ్లలో చాలామందికి రెండోది దూరంగా పడింది, దూరంగా పడినవాళ్లకి దగ్గరగా. మధ్యలో ఎవరూ ఎవరినీ మెచ్చుకోలేదు, తిట్టలేదు. మీరు చూసింది నిజమే. తిట్టు వల్ల అనుకోవడం మాత్రం తప్పు, ఆ తప్పుకి మూల్యం చెల్లిస్తున్నది పదిహేడేళ్ల పిల్ల.

ఈ పొరపాటు నేనూ చేశాను. గుంటూరులో ఒక కాలేజీలో కౌన్సెలర్‌గా ఉన్నప్పుడు, క్వార్టర్లీలో మార్కులు బాగా పడిపోయిన పిల్లల్ని ఏరి శనివారం సాయంత్రాలు ప్రత్యేకంగా కూర్చోబెట్టాం. తర్వాతి పరీక్షలో దాదాపు అందరికీ పెరిగాయి. పేరెంట్స్ మీటింగ్‌లో ఆ లిస్టు గర్వంగా చదివాను కూడా. ఇంటికొచ్చి రిజిస్టర్ తిరగేస్తుంటే ఏడుగురు పిల్లల పేర్ల పక్కన ‘బస్సు’ అని రాసి ఉంది. పొన్నూరు వైపు నుంచి వచ్చేవాళ్లు, సాయంత్రం బస్సు తప్పిపోతుందని ఒక్క క్లాసుకీ ఉండలేదు. వాళ్ల మార్కులూ పెరిగాయి, ఇంచుమించు అంతే. ఆ ఏడు పేర్లూ లేకపోతే నా క్లాసులు అద్భుతమని ఇప్పటికీ చెప్పుకుంటూ ఉండేవాణ్ణి.

పర్సనల్ మెంటరింగ్ మీద నా అనుమానం అక్కడే. 176 వచ్చిన వారం ఎవరూ పిల్లని మెంటర్ దగ్గరికి తీసుకెళ్లరు, 112 వచ్చిన వారమే వెళ్తారు. మోకాలి నొప్పి బాగా ఎక్కువైన రోజే పెద్దవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టు. అడుగుకి పడిపోయిన రోజున చేరినవాళ్లలో ఎక్కువమంది ఏమీ చేయకపోయినా కొంత పైకి వస్తారు. గోడ మీద అంటించే ‘ముందు, తర్వాత’ మార్కుల పట్టికలన్నీ అలా తయారైనవే కావచ్చు. వాళ్లు మోసం చేస్తున్నారని అనడం లేదు, వాళ్లూ నమ్మే చెప్తుంటారు. మెంటరింగ్ ఎందుకూ పనికిరాదనీ అనడం లేదు. మీ దగ్గరున్న ఈ రెండు టెస్టులు అది పనిచేసిందనడానికి సాక్ష్యం కావు, అంతవరకే.

సాక్ష్యం కావాలంటే ఆ సెంటర్‌ని ఒక్కటే అడగండి: మీ దగ్గర ట్రయల్‌కి వచ్చి, మానేసిన పిల్లలకి తర్వాత ఎన్ని వచ్చాయి? నా రిజిస్టర్‌లో ఆ ‘బస్సు’ పిల్లల లాంటివాళ్లు వీళ్లు. ఆ లెక్క లేకపోతే 35కి అర్థం లేదు.

ఇంట్లో మీరు చేయగలిగిందీ ఉంది. ప్రస్తుతానికి ఫీజు కట్టకుండా ఇంకో నాలుగు టెస్టులు రాయనివ్వండి. విడివిడిగా చూడకండి, నాలుగింటి సగటు తీయండి, పక్కన సెక్షన్ సగటు కూడా రాసుకోండి. పేపర్ తేలికైనా, రివిజన్ వల్లైనా క్లాసంతా పెరిగితే అందులో మీ పాప వాటా ఎంతో అప్పుడే తెలుస్తుంది. పాప సగటు 150 దగ్గర ఉంటే మెంటరింగ్ లేకుండానే అక్కడ ఉందని అర్థం. ఒకవేళ తర్వాత చేర్పించినా ఇలాగే నాలుగు టెస్టుల సగటు చూడండి. సెక్షన్ కదలకుండా పాప ఒక్కతే 170 దాటితే అప్పుడు నేనూ ఆలోచిస్తాను. 152 పాప హద్దు అనుకోకండి, స్థాయి పెరుగుతుంది. కానీ పెరిగినప్పుడు సగటు మొత్తం జరుగుతుంది, ఒక్క టెస్టు ఎగిరి పడదు.

లాంగ్ టర్మ్ గురించి ఇప్పుడే అడగడం తొందరపాటండి. జనవరి, ఏప్రిల్ రెండు సెషన్లూ ఉన్నాయి, మంచిగా వచ్చిన స్కోరే తీసుకుంటారు. కలిసిరాని ఒక్క రోజు పాప సంవత్సరాన్ని తినేయదు. ఏప్రిల్ దాటాక మాట్లాడుకుందాం.

ఆ ఫ్రిజ్ మీది కాగితం మాత్రం ఈ రాత్రే తీసేయండి. రోజూ మంచినీళ్లకి వెళ్లినప్పుడల్లా పాప తనది కాని మార్కు చూసుకుంటోంది.