అక్క పెళ్లికి సెలవు అడిగే మెయిల్ గురించి

చిరంజీవి శ్రావణికి,

బాబాయి ఆశీస్సులు. మీ మేనేజర్‌కు పెట్టేముందు నువ్వు నాకు పంపిన మెయిల్ చూశాను. "అక్క పెళ్లి ఉంది, వచ్చే వారం సెలవు కావాలి, అవసరమైతే ఫోన్ చేయండి" అని రాశావు. అక్క పెళ్లికి సెలవు ఇవ్వనని ఏ మేనేజరూ అనడు. కానీ నీది జీఎస్‌టీ సీటు. ఈ మెయిల్ చదవగానే ఆయనకు తట్టే ప్రశ్న ఒకటే: 11న అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1 ఎవరు వేస్తారు? నేను అకౌంట్స్ మేనేజర్‌గా ఉన్నన్నాళ్లూ సెలవు మెయిల్‌లో ముందు వెతికింది ఇలాంటి జవాబే.

ముందు తేదీలు. "వచ్చే వారం" అని వదిలేయకు. మార్చి 9 సోమవారం నుంచి 13 శుక్రవారం వరకు సెలవు, 16 సోమవారం ఉదయం సీట్లో ఉంటాను అని రాయి. తిరిగొచ్చే రోజు రాయకపోతే 14, 15 శని ఆదివారాల్లో నువ్వు ఉన్నట్టా లేనట్టా అని అందరూ తికమక పడతారు. కొన్ని కంపెనీల్లో సెలవుల మధ్యలో వచ్చే ఆదివారాన్ని కూడా లెక్కలో వేస్తారు, మీ దగ్గర ఎలాగో హెచ్ఆర్‌ని ముందే అడుగు.

ఇక అప్పగింత. నీ పనులన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు. టీడీఎస్ కట్టడం 7వ తేదీలోపు, అది నువ్వు వెళ్లేముందే అయిపోతుంది. పన్ను కట్టే రిటర్న్ జీఎస్‌టీఆర్-3బీ 20న, అప్పటికి తిరిగొస్తావు. మధ్యలో ఇరుక్కున్నది 11 ఒక్కటే. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు పెద్ద బాధ కాదు. 11 దాటితే మీ బిల్లులు కొనుగోలుదారులకు పన్ను క్రెడిట్ చూపే ఈ నెల 2బీ పట్టికలో కనపడవు, వాళ్లకు ఆ క్రెడిట్ వచ్చే నెలకు పోతుంది. అప్పుడు ఫోన్లన్నీ మీ మేనేజర్‌కే వస్తాయి.

అందుకే శుక్రవారం సాయంత్రానికి సేల్స్ రిజిస్టర్‌ని పోర్టల్లోని డ్రాఫ్ట్‌తో సరిచూసి సేవ్ చేసి పెట్టు. తేలనివి ఏమైనా ఉంటే, ఉదాహరణకు వెనక్కి వచ్చిన సరుకు క్రెడిట్ నోటు, బిల్లు నంబర్‌తో సహా రాయి. "రమేష్ చూసుకుంటాడు" అని రాసేముందు రమేష్‌ని అడిగి ఒప్పించు. అతని సిస్టమ్‌లో డైరెక్టర్ గారి డిజిటల్ సంతకం టోకెన్ పెట్టి, అది గుర్తిస్తోందో లేదో నువ్వు ఉండగానే చూసుకోండి. కంపెనీల రిటర్న్‌కు ఆ సంతకం తప్పనిసరి కదా, డ్రైవర్ లేకో గడువు తీరిపోయో టోకెన్ పనిచేయలేదని 11 సాయంత్రం తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. 10న డైరెక్టర్ గారు ఊళ్లో ఉంటారో లేదో కూడా కనుక్కో. ఫైలింగ్ 10నే పెట్టుకోండి, ఆఖరి రోజు పోర్టల్ నత్తనడక నడుస్తుంది.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. ఇ-వే బిల్లు పోర్టల్ లాగిన్ ఓటీపీ నీ ఫోన్‌కే వస్తుంటే, నువ్వు పీటల దగ్గర ఉండగా అక్కడ లారీ గేటులో ఆగిపోతుంది. రమేష్ నంబర్‌తో సబ్-యూజర్‌ని ముందే చేయించు. పాస్‌వర్డ్‌లు మాత్రం మెయిల్‌లో రాయకు.

ఫోన్ సంగతి సూటిగా చెప్పు. "ఎప్పుడైనా చేయండి" అంటే మంగళస్నానం వేళ కూడా చేస్తారు, ఎత్తకపోతే మాట తప్పినట్టు అవుతుంది. మెయిల్ ఇలా ఉంటే బాగుంటుంది, ఇంగ్లీషులో నువ్వే రాసుకో:

"విషయం: సెలవు, మార్చి 9–13, జీఎస్‌టీఆర్-1 10న రమేష్ ఫైల్ చేస్తారు

సర్, మా అక్క పెళ్లి మార్చి 11న రాజమండ్రిలో. 9 సోమవారం నుంచి 13 శుక్రవారం వరకు సెలవు కోరుతున్నాను. 16 సోమవారం తిరిగి వస్తాను.

ఫిబ్రవరి జీఎస్‌టీఆర్-1 డ్రాఫ్ట్ 6 సాయంత్రానికి సిద్ధం చేస్తాను. రమేష్ ఒప్పుకున్నారు, 10న ఫైల్ చేసి ఏఆర్ఎన్ మీకు పంపుతారు. ఆ రోజు డైరెక్టర్ గారి సంతకం కావాలి. ఒక క్రెడిట్ నోటు తేలాలి, వివరాలు జతచేశాను.

9, 10 తేదీల్లో సాయంత్రం 6 నుంచి 7 వరకు ఫోన్‌లో ఉంటాను. 11న అందుబాటులో ఉండను. 12, 13న మెసేజ్ పెడితే ఆ రోజే జవాబిస్తాను. ల్యాప్‌టాప్ తీసుకెళ్లడం లేదు."

ల్యాప్‌టాప్ మాట తప్పకుండా ఉంచు. లేకపోతే "ఒక్క ఎంట్రీ మార్చమ్మా" అని అడుగుతారు. పెళ్లి ఏర్పాట్లన్నీ ఎందుకు ఎలా అని రాయొద్దు, ఒక్క వాక్యం చాలు. రమేష్‌ని సీసీలో పెట్టు. మేనేజర్ సరే అన్నాక హెచ్ఆర్ పోర్టల్‌లో కూడా అవే తేదీలతో అప్లై చేయి, లేకపోతే జీతంలో కోత పడుతుంది.

ఈ రోజే సరిచేసి పంపు. టికెట్ 8 రాత్రికి తీశాను.

మీ బాబాయి