రాగి బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడు

అమ్మలూ,

మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు చిన్నోడికి పాలతో పాటు రాగి బిస్కెట్లు పెట్టి, "మైదా బిస్కెట్లు మానేశాం బాబాయ్, ఇప్పుడు ఇవే" అన్నావు. పిల్లాడి ముందు ఎందుకులే అని అప్పుడేమీ అనలేదు గానీ, వచ్చేటప్పుడు ఆ ఖాళీ ప్యాకెట్ జేబులో వేసుకుని వచ్చాను. ఇప్పుడు దాన్ని ఎదురుగా పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని రాస్తున్నా. ఇరవై ఆరేళ్లు బేకరీ నడిపిన వాణ్ణి కదా, ఆ చిన్న అక్షరాలు చదివితే నాకు పిండి కలిపే గిన్నె కళ్ల ముందు కనిపిస్తుంది.

ముందు ఒక్క సంగతి పట్టుకో. ఇంగ్రీడియెంట్స్ అని ఉండే వరసలో ఏది బరువు ఎక్కువైతే అది ముందు రాయాలి, తర్వాత దానికంటే తక్కువది, అలా చివరికి ఉప్పు, రంగులు, వాసనలు. కాబట్టి మొదటి మూడు పేర్లే ఆ సరుకు అసలు రూపం. నీ ప్యాకెట్ మీద వరస ఇలా ఉంది: రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ 41%, షుగర్, పామోలిన్ ఆయిల్, రాగి ఫ్లోర్ 12%, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, మిల్క్ సాలిడ్స్, ఉప్పు, పొంగడానికి వేసేవి, రంగు 150డి.

రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అంటే మైదానే, పేరు మార్చుకుని కూర్చుంది. ముందు వైపు బొమ్మలో రాగి కంకి అంత పెద్దగా వేశారా, లోపల మాత్రం రాగి నాలుగో స్థానంలో ఉంది. ఇందులో మోసం అనడానికి కూడా లేదమ్మా, ముందు వైపు పేరు పెట్టి గొప్పగా చెప్పుకున్న పదార్థం ఎంత శాతమో వెనక రాయాలి, రాశారు. మనమే చదవలేదు. అసలు రాగిపిండి ఒక్కటే వేసి బిస్కెట్ చేస్తే అంటుకునే జిగురు ఉండదు, చేత్తో పట్టుకుంటే పొడి అవుతుంది, అందుకే ఎవరైనా కొంత మైదానో గోధుమపిండో కలుపుతారు, నేనూ కలిపేవాణ్ణి. ఎంత కలిపారన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఆ 12 శాతాన్ని పట్టుకుని లెక్క లాగొచ్చు చూడు. షుగర్ పక్కన అంకె వేయలేదు, వేయాల్సిన అవసరమూ లేదు. కానీ అది రాగికి ముందు ఉంది కదా, కాబట్టి 12 శాతానికి తగ్గదు, నూనె కూడా అంతే. మైదా, రాగి కలిపితే 53. మిగిలిన 47లో పంచదార, నూనె, సిరప్‌లు, మిగతా చిల్లర సామాను సర్దుకోవాలి, అందులో సింహభాగం పంచదార, నూనెలదే అని ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. శాతం వేసిన ఒక్క పేరు దొరికితే చాలు, దానికి పైన ఉన్నవాటికి కింది హద్దు, కింద ఉన్నవాటికి పై హద్దు దొరికినట్టే.

తర్వాత వచ్చే ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, ఇవీ తీపే. ఇన్వర్ట్ సిరప్ వేస్తే బిస్కెట్ ఓవెన్‌లో మంచి రంగు తిరుగుతుంది, మెత్తటి సరుకైతే త్వరగా ఎండిపోదు, అందుకే బేకరీల్లో అది లేకుండా గడవదు. అయితే దానివల్ల లేబుల్ మీద ఇంకో లాభం ఉంది. ఒకే తీపిని షుగర్, సిరప్, గ్లూకోజ్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, తేనె అని నాలుగైదు ముక్కలు చేస్తే ఒక్కోటి వరసలో కిందికి జారిపోతుంది, అన్నీ కలిపి తూస్తే రెండో స్థానమో మొదటి స్థానమో అయ్యేది. కాబట్టి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టు, తీపి పేర్లు మూడు దాటితే ప్యాకెట్ పక్కన పెట్టెయ్. బెల్లం అని రాసినా ఆ వేలు మడవాల్సిందే.

ఆ లెక్కలన్నీ ఎందుకు, ఎంతో చెప్పు బాబాయ్ అంటావేమో. పక్కనే న్యూట్రిషన్ పట్టిక ఉంటుంది, 2020లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన లేబులింగ్ నిబంధనల్లో మొత్తం షుగర్లు, అందులో యాడెడ్ షుగర్లు విడివిడిగా చెప్పాలని పెట్టారు. పాలలోనో పండులోనో సహజంగా ఉండే తీపి మొదటిదాంట్లోనే ఉంటుంది, తయారీలో వేసింది రెండో వరసలోకి వస్తుంది. నీ ప్యాకెట్‌లో 100 గ్రాములకు యాడెడ్ షుగర్ 24 గ్రాములు. పక్కన "పర్ సర్వ్" అని ఇంకో గడి ఉంది, అందులో 3.6 అని చిన్నగా కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ల లెక్కలో ఒక సర్వ్ అంటే రెండు బిస్కెట్లు, 15 గ్రాములు. చిన్నోడు నా ఎదురుగానే ఆరు తిన్నాడు. అంటే 45 గ్రాములు, దాదాపు 11 గ్రాముల పంచదార, టీ స్పూన్లతో కొలిస్తే రెండు పైనే. అంత పంచదార పాలలో కలపమంటే నువ్వు ఒప్పుకుంటావా? ఎప్పుడూ 100 గ్రాముల గడి చూడు, రెండు ప్యాకెట్లను పోల్చాలన్నా అదే పనికొస్తుంది.

ఈ పట్టికకీ ఒక లోటు ఉంది, అది కారం సరుకుల్లో తెలుస్తుంది. మసాలా చిప్స్, కుర్‌కురే తరహావి తీసుకుంటే వెనక "సీజనింగ్" అని రాసి బ్రాకెట్‌లో పెద్ద జాబితా ఉంటుంది. చాలామంది బ్రాకెట్ దాటేసి చదువుతారు, అసలు సంగతి అందులోనే. మాల్టోడెక్స్‌ట్రిన్ అని కనిపిస్తే అది మొక్కజొన్న లాంటి పిండి పదార్థం నుంచి తీసిన పొడి, మసాలా ముక్కకి సమంగా పట్టడానికి వేస్తారు, నాలుకకి తీపి పెద్దగా తెలియదు. మామూలుగా యాడెడ్ షుగర్ వరసలో కాక కార్బోహైడ్రేట్ కిందే పోతుంది, కానీ రక్తంలో షుగర్ పెంచడంలో పంచదారకేమీ తీసిపోదు. మీ అత్తగారికి షుగర్ ఉందిగా, ఆవిడ తినే మిక్చర్ ప్యాకెట్ ఒకసారి చూడు.

ఇక రంగు. 150డి అంటే కారమెల్ రంగు, గోధుమ రంగు తేవడానికి. నాకు షుగర్ బయటపడిన కొత్తల్లో, డాక్టర్ మైదా మానమన్నాడని ఒక కంపెనీ ముదురు రంగు గోధుమ బిస్కెట్లు నాలుగు నెలలు పొద్దున, సాయంత్రం తిన్నాను. బేకరీ వాణ్ణి అయ్యుండీ! ఒకరోజు మీ పిన్ని ప్యాకెట్ తిప్పి చదివి, "ఇందులో మొదటి పేరు మీ పాత స్నేహితుడే" అంది. మైదాకి కొంచెం తవుడు, కొంచెం రంగు, అంతే. పిండి సంగతి తేలాలంటే ఫైబర్ అంకె చూడాలి. పొట్టుతో ఆడించిన గోధుమపిండిలో 100 గ్రాములకు 11 గ్రాముల దాకా పీచు ఉంటుంది, మైదాలో మూడు కూడా ఉండదు. బిస్కెట్‌లో పిండి సుమారు సగం, కాబట్టి నిజంగా మొత్తం గోధుమపిండే అయితే అయిదారు గ్రాములు కనిపించాలి. రెండు అని ఉంటే అనుమానించు. అయిదారు ఉన్నంత మాత్రాన నమ్మెయ్యకు, తవుడు విడిగా వేసి కూడా ఆ అంకె తేవచ్చు, అందుకే మళ్లీ వరసలో మొదటి పేరుకే రావాలి. ఉత్తి "వీట్ ఫ్లోర్" అని రాసి హోల్ అనో ఆటా అనో లేకపోతే నేను మైదా కిందే జమ కడతాను. రవ్వ, కార్న్ స్టార్చ్ కూడా పొట్టు తీసినవే.

చిన్నోడికి బిస్కెట్లే మాన్పించమని చెప్పట్లేదు, వాడు ఊరుకోడు, నీకు టెన్షన్. వాడికి ఇష్టమైన ఇంకో రెండు రకాలు ఉన్నాయి కదా, వాటి వెనక వైపు ఫోటోలు తీసి పంపు, ముందు వైపు వద్దు. తీపి పేర్లు నువ్వే లెక్కపెట్టి అంకె రాసి పంపు, నేను సరిచూస్తాను.

మీ బాబాయి