సందేహాలు – సమాధానాలు: హాఫ్నియం సంకోచించిందా?

సందేహం: మా అమ్మాయి ఇంటర్ రసాయనశాస్త్రం నోట్సులో ‘లాంథనైడ్ సంకోచం వల్ల హాఫ్నియం సంకోచించి జిర్కోనియం అంత అయింది’ అని ఉంది. ఆ పక్క పేజీలోనే ‘హాఫ్నియం లాంథనైడ్ కాదు’ అనీ ఉంది. మరి సంకోచించింది ఎవరు? తెలుగు వాక్యంగా ఇది సరైనదేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: వ్యాకరణం వరకు ఆ వాక్యాన్ని తప్పు పట్టలేం. చిక్కల్లా అర్థంతోనే. ‘సంకోచించి ఇంత అయింది’ అనగానే, ఆ వస్తువు మొదట్లో పెద్దదిగా ఉండేదనీ తర్వాత చిన్నదైందనీ తెలుగువాడికి తోస్తుంది. హాఫ్నియం పరమాణువు ఏనాడూ పెద్దగా లేదు. ఆ మాటకొస్తే లాంథనైడ్లలోనూ ఏ పరమాణువూ తనంతట తాను ముడుచుకోదు. సీరియం సీరియమంతే ఉంటుంది, లుటీషియం లుటీషియమంతే ఉంటుంది.

అయినా ‘సంకోచం’ అన్న పేరును తీసిపారేయనక్కర్లేదు. ‘ముందుకు పోయేకొద్దీ బాట సన్నబడింది’ అని మనం రోజూ అంటూనే ఉంటాం. బాట ఎక్కడికక్కడ ఉన్నట్టే ఉంది, నడిచింది మనం. లాంథనైడ్ సంకోచమూ అటువంటిదే. ఆవర్తన పట్టికలో లాంథనం నుంచి లుటీషియం దాకా నడుచుకుంటూ పోతే పరిమాణం క్రమంగా తగ్గుతూ వస్తుంది. ఆ తగ్గుదలకే 1920లలో గోల్డ్‌ష్మిట్ అనే భూరసాయన శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. కాబట్టి సంకోచం ఒక పరమాణువుది కాదు, వరుసది. దాని ఫలితాన్ని అనుభవించేది మాత్రం ఆ వరుస అయిపోయాక వచ్చే హాఫ్నియం, టాంటాలం, టంగ్‌స్టన్ వగైరా. మీ అమ్మాయి నోట్సులో చేసినవాడికీ అనుభవించినవాడికీ మధ్య తేడా చెరిగిపోయింది.

ఇక ఆ తగ్గుదల ఎందుకో చూద్దాం. అది తెలియకపోతే వాక్యాన్ని దిద్దినా పైపై మెరుగే అవుతుంది.

లాంథనం పరమాణు సంఖ్య 57, లుటీషియంది 71. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా కేంద్రకంలో ఒక ప్రోటాన్ చేరుతుంది, బయట ఒక ఎలక్ట్రాన్ చేరుతుంది. మామూలుగా లోపలి ఎలక్ట్రాన్లు కేంద్రకం లాగుడును బయటివాటికి పూర్తిగా తగలనివ్వకుండా కొంత అడ్డుకుంటాయి. పాఠ్యపుస్తకాలు దీన్నే పరిరక్షక ప్రభావం అంటాయి. ఈ వరుసలో కొత్త ఎలక్ట్రాన్లు దాదాపుగా 4f ఆర్బిటాళ్లలోకి వెళ్తాయి. అవి లోపలే ఉన్నాయి కదా, బాగానే అడ్డుకోవాలి కదా అనిపిస్తుంది. అలా జరగదు. బయటి అంచున ఉన్న 5s, 5p ఎలక్ట్రాన్లు 4f మేఘాన్ని దాటుకుని కేంద్రకం దగ్గరదాకా చొచ్చుకుపోతాయి. అక్కడ వాటికీ కేంద్రకానికీ నడుమ 4f ఎలక్ట్రాన్ అడ్డు చాలా తక్కువ. పైగా 4f ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి కూడా సరిగ్గా అడ్డుకోవు. అందువల్ల ఒక ప్రోటాన్ పెరిగితే, దాని లాగుడును ఒక ఎలక్ట్రాన్ పూర్తిగా రద్దు చేయలేదు. ప్రతి మెట్టులోనూ కొంత మిగులుతుంది, మేఘం మొత్తం కాస్త లోపలికి వస్తుంది.

ఆ ‘కాస్త’ సగటున ఒక పికోమీటరు పైచిలుకు, అంతే. మూడు ధనావేశాలున్న అయాన్‌గా తీసుకుంటే లాంథనం వ్యాసార్ధం సుమారు 103 పికోమీటర్లు, లుటీషియంది 86. పద్నాలుగు మెట్లలో 17 పికోమీటర్లు తగ్గింది. ఏ ఒక్క మెట్టూ చెప్పుకోదగ్గది కాదు, అన్నీ కలిస్తే మాత్రం లెక్కలు తారుమారు అవుతాయి. ఒక జాగ్రత్త: ఈ తగ్గుదల నున్నగా కనిపించేది అయాన్లలోనే. లోహాల పరిమాణాలు గీస్తే యూరోపియం, ఇటెర్బియం దగ్గర గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ రెండు లోహాలూ బంధానికి మూడుకు బదులు రెండు ఎలక్ట్రాన్లే ఇస్తాయి మరి.

లెక్కలు ఎలా తారుమారయ్యాయో మూడో గ్రూపులో ముందు చూడాలి. అక్కడ స్కాండియం, ఇట్రియం, లాంథనం ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వాటి అయాన్ల వ్యాసార్ధాలు వరుసగా 74.5, 90, 103 పికోమీటర్లు. కిందికి పోతే ఒక కర్పరం పెరుగుతుంది, పరిమాణమూ పెరుగుతుంది. మామూలు నియమమే. ఇప్పుడు నాలుగో గ్రూపుకు రండి: టైటానియం 60.5, జిర్కోనియం 72, హాఫ్నియం 71. మొదటి మెట్టులో నియమం పనిచేసింది, రెండో మెట్టులో చేయలేదు. ఈ రెండు గ్రూపులకూ తేడా ఒక్కటే. లాంథనం 4f వరుస మొదలయ్యే చోటే ఉంది, హాఫ్నియం ఆ వరుస ముగిశాక వచ్చింది. కొత్త కర్పరం వల్ల పదమూడు పికోమీటర్ల దాకా పెరగాల్సింది, ఇట్రియం నుంచి లాంథనానికి పెరిగినట్టే. నడుమ వచ్చిన పద్నాలుగు మెట్లు ఆ పెరుగుదలను మింగేసి ఇంకో పికోమీటరు అదనంగా కూడా తగ్గించాయి. ‘హాఫ్నియం సంకోచించింది’ అనడంకన్నా ‘హాఫ్నియం పెరగలేదు’ అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

వ్యాసార్ధం కంటికి కనిపించేది కాదు, నమ్మకం కుదరడం లేదు అంటారా, సాంద్రత తీసుకోండి. ఈ మూడు లోహాలూ మామూలు ఉష్ణోగ్రతలో ఒకే రకం స్ఫటిక నిర్మాణంలో ఉంటాయి కాబట్టి పోలిక న్యాయంగానే ఉంటుంది. పరమాణు భారాన్ని సాంద్రతతో భాగిస్తే ఒక మోల్ లోహం ఆక్రమించే చోటు వస్తుంది. టైటానియంకు 47.9ని 4.5తో భాగిస్తే 10.6 ఘనపు సెంటీమీటర్లు. జిర్కోనియంకు 91.2ని 6.5తో భాగిస్తే 14. హాఫ్నియంకు 178.5ని 13.3తో భాగిస్తే 13.4. బరువు దాదాపు రెట్టింపైంది, చోటు పెరగకపోగా కొంచెం తగ్గింది. టైటానియం నుంచి జిర్కోనియంకు పెరిగిన పాళ్లలోనే హాఫ్నియం కూడా పెరిగి ఉంటే, దాని సాంద్రత 10 లోపే ఉండేది. హాఫ్నియం, టాంటాలం, టంగ్‌స్టన్ వంటి మూడో శ్రేణి పరివర్తన లోహాలు చేతిలోకి తీసుకుంటే అంత బరువుగా తోచడానికి కారణం ఇదే.

ఆవేశం ఒకటే, పరిమాణం ఒకటే అయినప్పుడు రసాయన ధర్మాలు ఒకటిగా ఉండక ఏం చేస్తాయి? స్ఫటికంలో జిర్కోనియం కూర్చునే చోట హాఫ్నియం ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. లవణాల ద్రావణీయతలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ప్రకృతిలో జిర్కోనియం ఖనిజం ఎక్కడ దొరికినా అందులో కొద్ది శాతం హాఫ్నియం కలిసే ఉంటుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ 1789లో జిర్కాన్ రాయిలో జిర్కోనియం ఆక్సైడును గుర్తించాడు. అందులోనే దాగిన హాఫ్నియం బయటపడింది 1923లో, కోపెన్‌హాగెన్‌లో. అంటే 134 ఏళ్లు రసాయనశాస్త్రం కళ్లెదుటే ఉండి దొరకలేదు. మామూలు రసాయన పరీక్షలు దాన్ని పట్టుకోలేకపోయాయి. కోస్టర్, హెవెసీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎక్స్-కిరణాల వర్ణపటం తీసి పట్టుకున్నారు. ఎక్స్-కిరణాల గీతల స్థానం ముఖ్యంగా కేంద్రకావేశాన్ని బట్టి ఉంటుంది, దాన్ని ఏ పరిమాణ సామ్యమూ కప్పిపుచ్చలేదు.

మీ అమ్మాయి నోట్సులోని రెండో మాటకు, ‘హాఫ్నియం లాంథనైడ్ కాదు’ అన్నదానికి, ఇక్కడే ఒక చరిత్ర ఉంది. హాఫ్నియం పరమాణు సంఖ్య 72. ఆ 72వ మూలకం విరళ మృత్తికల్లో, అంటే లాంథనైడ్ల కుటుంబంలో ఉంటుందని నమ్మి ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఉర్బైన్ వాటిలోనే వెతికాడు, దొరికిందనుకుని సెల్టియం అని పేరు కూడా పెట్టాడు. 4f ఆర్బిటాళ్లు 71తోనే నిండిపోతాయి కాబట్టి 72వది జిర్కోనియంకు తోబుట్టువై ఉండాలన్నది బోర్ సిద్ధాంతం నుంచి తేలిన మాట. కోస్టర్, హెవెసీ అందుకే జిర్కోనియం ఖనిజంలో వెతికారు.

పోలికకు హద్దు కూడా ఇక్కడే తెలుస్తుంది. ఎలక్ట్రాన్ మేఘాలు ఒకే తీరున ఉన్నా కేంద్రకాలు వేరు. అణు రియాక్టరులోని న్యూట్రాన్ చూసేది కేంద్రకాన్నే. జిర్కోనియం న్యూట్రాన్లను చాలావరకు పోనిస్తుంది, అందుకే ఇంధన కడ్డీల తొడుగులకు వాడతారు. హాఫ్నియం దానికన్నా వందల రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది, అందుకని అది నియంత్రణ కడ్డీలకు పనికొస్తుంది. తొడుగు లోహంలో హాఫ్నియం మిగిలితే ఇంధనం పని ఇంధనం చేసుకోలేదు. రెంటినీ విడదీయక తప్పదు, ఒక్క దెబ్బతో విడిపోవు. ఒక పద్ధతిలో థయోసయనేట్ కలిసిన నీటి ద్రావణాన్ని మిథైల్ ఐసోబ్యూటైల్ కీటోన్‌తో కలుపుతారు. హాఫ్నియం కొంచెం ఎక్కువ పాలు కీటోన్ పొరలోకి పోతుంది. ఆ ‘కొంచెం’ చాలదు కాబట్టి అదే పని మెట్టు మీద మెట్టుగా మళ్లీమళ్లీ చేస్తారు.

నోట్సులో వాక్యాన్ని ఇలా మార్చుకోమనండి: ‘లాంథనైడ్ల వరుసలో పరిమాణం తగ్గుతూ రావడం వల్ల హాఫ్నియం, జిర్కోనియంకన్నా పెద్దది కాకుండా దాదాపు దానంతే ఉంది.’ కొంచెం పొడుగైంది, ఫరవాలేదు. కానీ ‘కాబట్టి రెండో, మూడో శ్రేణుల లోహాల ధర్మాలన్నీ సమానం’ అని దానికి తోక తగిలిస్తే మాత్రం ఊరుకోకండి. ఎడమవైపు జిర్కోనియం–హాఫ్నియం, నయోబియం–టాంటాలం జంటలకు ఆ మాట బాగా అతుకుతుంది. కుడికి పోయేకొద్దీ పట్టు సడలుతుంది. వెండి, బంగారం చూడండి. బంగారం పరమాణు భారం వెండికి 1.83 రెట్లు, సాంద్రత 1.84 రెట్లు, అంటే పరమాణువులు ఆక్రమించే చోటు దాదాపు ఒకటే. అయినా వెండి నత్రికామ్లంలో కరుగుతుంది, బంగారం కరగదు. వెండి తెల్లన, బంగారం పచ్చన. బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లున్నాయి. వాటి లాగుడుకు లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతివేగంతో పోల్చదగినంత అవుతుంది, సాపేక్షతా ప్రభావం వల్ల బయటి 6s ఎలక్ట్రాన్ కూడా మరింత బిగిసిపోతుంది. బంగారానికి ఆ రంగూ ఆ మొండితనమూ ఎక్కువగా అక్కడినుంచి వచ్చాయి. వాటిని కూడా లాంథనైడ్ సంకోచం ఖాతాలోనే రాస్తే అది భాషాదోషం కాదు, రసాయనదోషం.