“లేకపోలేదు” అంటే ఉన్నట్టా, లేనట్టా?

చి. శ్రావణికి,

బడుల విలీనం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొన్న ఫోన్లో మీ ఊరి సంగతి చెబుతున్నప్పుడు నీ గొంతులో ఉన్న కోపం ఇందులో ఒక్క వాక్యంలోనూ దొరకలేదు. వ్యాసమంతా వద్దు, రెండో పేరా ఒక్కటే ముందు పెట్టుకుందాం.

“విలీనం వల్ల కొన్ని ఇబ్బందులు ఉన్నాయని కొందరు తల్లిదండ్రులు భావిస్తున్నట్టు తెలుస్తోంది. మరోవైపు దీనివల్ల విద్యా ప్రమాణాలు పెరుగుతాయనే వాదన కూడా లేకపోలేదు. ఏది ఏమైనా ఈ విషయంలో ప్రభుత్వం సమగ్రంగా ఆలోచించాల్సిన అవసరం ఎంతైనా ఉందని చెప్పవచ్చు.”

మొదటి వాక్యంలో ఇబ్బంది పడింది పిల్లలు, భావించింది తల్లిదండ్రులు, తెలిసింది ఎవరికో. “తెలుస్తోంది” వార్తల డెస్కు మాట. పేరు చెప్పొద్దన్న మనిషి దగ్గర విన్న సంగతి, ఇంకా ఖరారు కాని సంగతి రాసేటప్పుడు విలేకరికి అది అవసరం. నువ్వు ఆ ఊళ్లోనే పెరిగావు. ఆ తల్లుల్లో మీ అక్క ఒకతి. నీకు తెలుస్తోందేమిటమ్మా, తెలుసు కదా.

“లేకపోలేదు” ఇంకా చెడ్డది. ఎదుటి వాదన ఉందని ఒప్పుకోవడానికి మనసు రాక, లేదనడానికి ధైర్యం చాలక పట్టుకునే మాట అది. ఆ వాదన ఎవరిదో, ఏమిటో నువ్వు చెప్పనేలేదు. ఇక మూడో వాక్యం గట్టిగానే వినిపిస్తుంది కానీ, ప్రభుత్వం ఏం చేయాలంటావు? తరగతులు వెనక్కి తేవాలా, ఆటో పెట్టాలా, ఇంకో టీచర్ని వేయాలా? ఆ వాక్యాన్ని తాగునీటి మీద రాసిన వ్యాసానికి అతికించినా అతుకుతుంది.

మన భాషలో క్రియ చివర వస్తుంది కాబట్టి జంకు కూడా అక్కడే చేరుతుంది. రాయడం అయ్యాక వాక్యాల తోకలు మాత్రమే వరసగా చదువు. “అనిపిస్తోంది”, “అనవచ్చు”, “భావించవచ్చు” కనబడిన చోటల్లా పెన్సిల్‌తో కొట్టేసి, మిగిలిన వాక్యాన్ని పైకి చదువు. చదువుతుంటే భయం వేస్తే, అది ఏ భయమో చూసుకో. ఎవరికో కోపం వస్తుందనే భయమైతే తోకను మళ్లీ అతికించకు. మాట నిజమో కాదో తెలియదనే భయమైతే కలం పక్కన పెట్టి కనుక్కుని రా.

నీ పేరాకు అదే చేసి చూశాను. నువ్వు ఫోన్లో చెప్పిన వివరాలే వాడాను.

“మా ఊరి బడిలోని 3, 4, 5 తరగతులను హైస్కూలుకు తరలించడం తప్పు. విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం ఐదో తరగతి వరకు పిల్లలకు బడి కిలోమీటరు నడకలో ఉండాలి. మా పిల్లలు కిలోమీటరున్నర నడుస్తున్నారు, మధ్యలో హైవే దాటుతున్నారు. ఒక్క టీచరు ఐదు తరగతులకు చెప్పడం కంటే సబ్జెక్టుకో టీచరు ఉండటం మేలని అధికారులు అంటున్నారు. ఆ మాట నిజమే. అయితే రెండో టీచర్ని మా బడికే పంపాలి. ఎనిమిదేళ్ల పిల్లల్ని హైవే మీదికి పంపకూడదు.”

చూశావా, అవతలి వాదన ఎక్కడికీ పోలేదు. నీ పేరాలో ఉన్నదానికంటే ఇక్కడే బలంగా ఉంది. దాన్ని వాళ్లు ఒప్పుకునేంత బాగా ఒక్కసారి చెప్పి, వెంటనే జవాబిచ్చాం. రెండు పక్షాల మాటా వినిపించడమంటే నా దృష్టిలో ఇదే. “ఒకవైపు, మరోవైపు” అని తూచి, తక్కెడను మధ్యలో వదిలేసి వెళ్లిపోతే చదివేవాడికి ఏమీ దక్కదు.

ఒక్క చోట మాత్రం నీ “కావచ్చు”ను ముట్టుకోలేదు. ఈ ఏడాది ఇద్దరు ఆడపిల్లలు బడి మానేశారని, దానికి దూరమే కారణం కావచ్చని ఐదో పేరాలో రాశావు. ఆ రెండు ఇళ్లకూ నువ్వు వెళ్లలేదు. వాళ్లు వలస పోయి ఉండొచ్చు, ప్రైవేటు బడిలో చేరి ఉండొచ్చు. తెలియని చోట “కావచ్చు” అనడం నిజాయితీ. దాన్ని కూడా కొట్టేసి “దూరం వల్లే మానేశారు” అని రాసేస్తే, ఊళ్లో ఎవరైనా ఒక్కరు కాదన్న రోజున హైవే సంగతి కూడా ఎవరూ నమ్మరు.

కాబట్టి ఆదివారం ఆ రెండు ఇళ్లకూ వెళ్లు. అమ్మలతో మాట్లాడు. సోమవారం పొద్దున బడి వేళకు హైవే పక్కన నిలబడి, పెద్దవాళ్లు తోడు లేకుండా ఎంతమంది పిల్లలు దాటారో లెక్కపెట్టు. ఆ అంకెతో మొదటి పేరా మళ్లీ రాసి పంపు. బుధవారం దాకా ఊళ్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు