చప్పట్లను జాక్‌హామర్ అంటున్న ప్రాజెక్టు

ప్రశ్న: సర్, నేను ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చివరి ఏడాది. శబ్దాలను గుర్తించే ప్రాజెక్టు UrbanSound8K డేటాతో చేస్తే 95 శాతం కచ్చితత్వం వచ్చింది. కానీ ఒక సభ వీడియో ఇస్తే చప్పట్లను జాక్‌హామర్ అంటోంది. ఈ రంగంలో ఉద్యోగానికి ప్రయత్నించొచ్చా, వదిలేయాలా?

జవాబు: వదిలేయొద్దు. ముందు ఆ తప్పు ఎందుకొచ్చిందో చూడండి. మీ డేటాలో ఉన్నవి సైరన్, డ్రిల్లింగ్, జాక్‌హామర్ వంటి పది రకాల శబ్దాలే. చప్పట్లు లేవు, ‘ఇవేవీ కావు’ అనే వర్గమూ లేదు. చివర్లో సాఫ్ట్‌మాక్స్ పెట్టి ఉంటే స్కోర్లన్నీ కలిపి 1 కావాలి కాబట్టి, ఏం వినిపించినా పదిలో ఏదో ఒకటి గెలుస్తుంది. చప్పట్లంటే వరుసగా పడే చిన్న చిన్న దెబ్బలు. అందుకే జాక్‌హామర్‌కు ఓటు పడింది.

ఆ 95 మీద కూడా నాకు అనుమానం ఉంది. ఆ 8,732 క్లిప్పులు పెద్ద రికార్డింగుల నుంచి కత్తిరించిన ముక్కలు. వాటిని కలగలిపి మీరే విడదీసి ఉంటే, ఒకే సైరన్‌లోని ఒక ముక్క శిక్షణలోకి, ఇంకో ముక్క పరీక్షలోకి వెళ్లిపోతుంది. డేటాతోపాటే ఇచ్చిన 10 ఫోల్డులను, అంటే ముందే విడదీసిన భాగాలను, అలాగే ఉంచి, ఒక్కోదాన్నీ వంతులవారీగా పరీక్షకు వాడండి. అంకె తగ్గితే తగ్గనివ్వండి, రెజ్యూమెలో రాయాల్సింది దాన్నే.

తర్వాత ఆ సభ వీడియోనే తీసుకోండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఆ ఆడియో తెరిచి, ఏ శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెవితో విని లేబుల్ చేయండి. విసుగు పుట్టించే పనే, కానీ ఈ రంగంలో అసలు నేర్పు ఇక్కడే వస్తుంది. ఆపైన అదే ఆడియోను, శబ్దాలను గుర్తించేలా ముందే శిక్షణ ఇచ్చిన YAMNet మోడల్‌కు ఇవ్వండి. అది 521 రకాల శబ్దాలకు ప్రతి 0.48 సెకన్లకూ స్కోరు ఇస్తుంది. ఒక్కో రకానికీ స్కోరు విడివిడిగా ఉంటుంది కాబట్టి మాటలు, చప్పట్లు రెండూ ఒకేసారి పైకి లేవగలవు.

అప్పుడూ తప్పులుంటాయి. చప్పట్లు కొన్నిచోట్ల వానలా కనబడవచ్చు. ఒక్క ఫ్రేములో, అంటే ఆడియోలోని ఒక్క చిన్న ముక్కలో, రెండూ రొద లాంటివే. కొన్ని సెకన్లు కలిపి చూస్తే, చప్పట్లు ఒక్కసారిగా లేచి క్రమంగా పలచబడతాయి, వాన అలా ఆగదు. మాటల వెనక దూరంగా వినిపించే సైరన్ స్కోరు తక్కువగా ఉంటుంది. అయినా ఏ సమయంలో ఏ ఫ్రీక్వెన్సీ ఉందో చూపే స్పెక్ట్రోగ్రామ్ చిత్రంలో దాని ఎక్కిదిగే గీత కంటికి కనిపిస్తుంది. అందుకే అన్ని శబ్దాలకూ ఒకే 0.5 హద్దు పెట్టకుండా, మీ లేబుళ్లతో పోల్చి దేని హద్దు దానికి నిర్ణయించండి. వినికిడి లోపం ఉన్నవారి కోసం క్యాప్షన్లు తయారుచేస్తుంటే, కథలో కీలకమైన సైరన్‌ను వదిలేయడం పెద్ద నష్టం. లేని చప్పట్లను పదేపదే చూపడమూ చిరాకే.

ఉద్యోగాల మాటకొస్తే, కేవలం ఈ ఒక్క పనికే పెట్టిన పోస్టులు తక్కువ. ఆడియో సిగ్నల్ ప్రాసెసింగ్, మెషిన్ లెర్నింగ్ పేర్లతో వెతకండి. క్యాప్షన్లు, వీడియో ఆర్కైవుల్లో వెతుకులాట, యంత్రాల శబ్దంతో లోపం పసిగట్టే పనులు వాటి కిందే వస్తాయి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ వీడియో, మీ లేబుళ్లు, మోడల్ తప్పిన చోట్లు, వాటికి కారణాలు పట్టుకెళ్లండి.