మీమ్ చెప్తే మామయ్యకు నవ్వు రావట్లేదు

"మా మామయ్యకు చూపు లేదు. ఫ్యామిలీ గ్రూపులో అందరూ నవ్విన మీమ్ నేను చదివి చెప్తే, 'ఇందులో నవ్వడానికేముంది' అంటాడు. అమ్మాయి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగి చూసే అబ్బాయి ఫొటో అది."

తమ్ముడూ, మా చిత్తూరు గ్రూపులో కూడా అదే తిరిగింది. అబ్బాయి మీద "నాన్న", పక్కనున్న అమ్మాయి మీద "డాక్టర్ చెప్పిన డైటు", దాటిపోయే అమ్మాయి మీద "సంగటి, నాటుకోడి పులుసు" అని రాసుంది. జోకు బొమ్మలో లేదు, ఎవరి చూపు ఎటుందో దాని మీద ఆ పేర్లు పడటంలో ఉంది. మామయ్య ఈ ఫొటో ఎప్పుడూ చూడలేదు కదా, కాబట్టి ముందు పేర్లు వదిలేసి సీను మాత్రం చెప్పు: రోడ్డు మీద జంట, అబ్బాయి మెడ తిప్పి వెనకమ్మాయిని మెచ్చుకోలుగా చూస్తున్నాడు, పక్కనున్నామె నోరు తెరిచి కోపంగా అతని వైపే చూస్తోంది. ఆ కోపం వదిలేస్తే సగం జోకు పోతుంది. బట్టల రంగు, వెనక బిల్డింగులు అనవసరం. ఇది 2015లో ఒక స్పెయిన్ ఫొటోగ్రాఫర్ తీసింది, 2017లో వైరల్ అయింది, ఎవరికి ఏ పేరైనా తగిలిస్తారు అని ఒకసారి చెప్తే మళ్లీ వచ్చినప్పుడు పేర్లు చదివితే చాలు.

సీను చెప్పాక పేర్లు ఈ వరుసలో చెప్పు: ముందు నాన్న, తర్వాత డైటు, చివర్లో నాటుకోడి. నేను మొదట్లో నాటుకోడి ముందే చెప్పేసి చెడగొట్టాను. మామయ్య "అయితే ఏంటి?" అంటే సీను అందలేదని, "ఓహో, సరే" అంటే సీను అందింది గానీ పేరు ముందే బయటపడిందని అర్థం.