తేరుకోని కవిత

సందేహం: మిత్రుడు చనిపోయినప్పుడు ఒక కవిత రాశాను. సభలో చదివితే, ‘ఇందులో విలాపముంది, ప్రశంస ఉంది, ఓదార్పు లేదు, కాబట్టి ఇది ఎలిజీ కాదు’ అన్నారు ఒక పెద్దమనిషి. ఓదార్పు తప్పనిసరా? ఇలాంటి కవితను తెలుగులో విలాపమనాలా, స్మృతికావ్యమనాలా, నివాళి అనాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మీకు తీర్పు చెప్పిన పెద్దమనిషి ఇంగ్లీషు పాఠం బాగా చదువుకున్నవారు. నీట మునిగి చనిపోయిన సహాధ్యాయిని తలచుకుని మిల్టన్ 1637లో రాసిన ‘లిసిడస్’లో ఆ మూడూ వరుసగా ఉన్నాయి. ముందు గొల్లలు విలపిస్తారు, తరువాత పూలు చల్లుతారు, చివర ‘ఇక ఏడవకండి, నీట మునిగినా అతడు చనిపోలేదు’ అన్న మాట వస్తుంది. చనిపోయినవాడు ఆ తీరాన్ని కాచే దేవత అవుతాడు. అక్కడికది మంచి పద్ధతే. దానితో మన కవితలన్నిటినీ కొలుస్తానంటేనే నాకు పేచీ.

ముందు ఓదార్పు సంగతి చూద్దాం. దుఃఖం నుంచి కోలుకోవడాన్ని మనం ‘తేరుకోవడం’ అంటాం. ఇది పాతకాలంలో బండి ఱతో రాసిన ‘తేఱు’. అడుగున మడ్డి దిగి నీరు తేటపడటం దీని మొదటి అర్థం. మురికినీటి కుండలో చిల్లగింజ అరగదీస్తే కొంతసేపటికి బురద కిందికి దిగి పైన తేట నిలుస్తుంది, అదీ తేరడం. తమిళంలోనూ ఈ ధాతువుకు నీరు తేటపడటం, మనసు ఊరట పొందడం అనే రెండర్థాలూ ఉన్నాయి. తేఱు ప్రేరణార్థకం ‘తేర్చు’. ఊరడించడమని నిఘంటువులు అర్థం చెబుతాయి. ఈ రోజుల్లో అందరూ ‘సేదతీరు’ అని రాస్తున్నారు గాని, పాతవారిది ‘సేదదేఱు’. తీరేది బడలికే కదా అని మీరంటే గట్టిగా కాదనలేను, కానీ తేటపడటమనే అర్థం అక్కడ పోయింది. రథమనే అర్థంలో ‘తేరు’ వేరే మాట. చక్రాలున్నా దానికి బండి ఱ లేదు.

కాబట్టి మన భాషలో ఓదార్పంటే బురద మాయమవడం కాదు, అడుగుకు దిగడం. కుండ కదిలితే మళ్లీ కలకే. ఇది కాళిదాసుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదని నా పట్టుదల. రఘువంశం ఎనిమిదో సర్గ తీయండి. ఉద్యానంలో అజుడు భార్య ఇందుమతితో విహరిస్తుంటే ఆకాశమార్గాన పోతున్న నారదుడి వీణ మీది పూలమాల జారి ఆమె మీద పడుతుంది, ఆమె ప్రాణం పోతుంది. అజుడు ఆమెను ఒడిలో పెట్టుకుని విలపిస్తాడు. ఆ విలాపంలోనే ప్రశంస ఉంది, చూడండి: ‘గృహిణీ సచివః సఖీ మిథః ప్రియశిష్యా లలితే కలావిధౌ’. ఇల్లాలివి, ఆలోచన చెప్పే మంత్రివి, ఏకాంతంలో చెలివి, లలితకళల్లో ముద్దుల శిష్యురాలివి. వెంటనే, దయలేని మృత్యువు నిన్ను ఎత్తుకుపోతూ నాది ఏది వదిలింది చెప్పు, అంటాడు. పొగడ్త ఇక్కడ పోయినవాటి లెక్కగా వచ్చింది. మన సంతాప సందేశాల్లోని ‘తీరని లోటు’ పక్కన దీన్ని పెట్టి చూడండి. ఏ లోటో చెప్పకుండా తీరనిదని తేల్చేసి, మరుసటి వాక్యంలోనే కుటుంబానికి మనోధైర్యం ప్రసాదించమని భగవంతుడికి అర్జీ పెట్టేస్తాం.

తరువాత ఓదార్పు వస్తుంది, అదీ మామూలు చోటు నుంచి కాదు. దీక్షలో ఉన్న వసిష్ఠుడు శిష్యుడి ద్వారా కబురంపుతాడు. ‘మరణం ప్రకృతిః శరీరిణాం’, దేహధారులకు చావే సహజం, బతకడమే వికారం అన్న ప్రసిద్ధ వాక్యం అందులోదే. ఉపన్యాసకులు దీన్ని ఎత్తి చూపి అక్కడితో ఆపేస్తారు. నాలుగు శ్లోకాలు దాటి చదివితే గదా! అజుడు ‘అలాగే’ అని మర్యాదగా శిష్యుణ్ణి సాగనంపుతాడు. శోకంతో గడ్డకట్టిన ఆ గుండెలో కాలు మోపే చోటు దొరకక, ఆ ఉపదేశం తిరిగి గురువు దగ్గరికే వెళ్లిపోయినట్టైంది, అంటాడు కవి. కొడుకు పసివాడు కనుక ఎనిమిదేళ్లు ఎలాగో గడిపి, గంగాసరయూ సంగమంలో దేహం వదులుతాడు. ఓదార్పును తిరస్కరించడం ఆధునికుల ఆవిష్కరణ అనేవారు ఈ శ్లోకానికి జవాబు చెప్పాలి. అయితే నా పక్షానికి ఒక చిక్కు కూడా ఉంది. ఆ వెంటనే కాళిదాసు అజుణ్ణి స్వర్గానికి పంపి, నందనోద్యానంలో భార్యతో కలుపుతాడు. మనిషి ఒప్పుకోని ఓదార్పును కావ్యం ఒప్పుకుంది.

శాస్త్రం వైపు చూస్తే, నాట్యశాస్త్రంలో భరతుడు కరుణరసాన్ని ‘నిరపేక్షభావం’ అన్నాడు, అంటే ఇక ఆశ లేనిది. ఆశ మిగిలితే అది విప్రలంభం, అంటే ఎడబాటు శృంగారం. కుమారసంభవంలో రతి విలపిస్తుంటే, మన్మథుడు మళ్లీ దొరుకుతాడని ఆకాశవాణి చెబుతుంది; ఆ హామీ వినపడ్డాక అది శుద్ధ కరుణం కాదని తరువాతి ఆలంకారికులు వాదించారు. ఈ లెక్కన ఓదార్పు లేకపోవడం మీ కవితకు లోపం కాదు సరికదా, కరుణానికి లక్షణమే అవుతుంది.

మరి ఆధునికులు కొత్తగా చేసిందేమిటి? శ్రీశ్రీ ‘కొంపెల్ల జనార్దనరావు కోసం’ చదవండి. ‘ఉదయిని’ పత్రిక నడిపి, 1937లో చనిపోయిన మిత్రుడి మీద రాసినది. మహాప్రస్థానానికి అంకితంగా ముందు నిలిచింది. ‘తలవంచుకు వెళ్ళిపోయావా, నేస్తం’ అన్న పిలుపుతో మొదలవుతుంది. ఇందులో ప్రశంస విడిగా కనిపించదు. అతడి మనసు సుకుమారమని తెలిసేది లోకం దాన్ని గాయపరిచిన చోటే. పొగడ్త అభియోగమైపోయింది. పాత పద్ధతిలో ప్రకృతి కూడా ఏడ్వాలి. ఇక్కడ ఆకాశం పడిపోలేదు, ఆఫీసులకు సెలవివ్వలేదు, సారా దుకాణాల్లో బేరం సాగుతూనే ఉంది. ఏడ్చినవాళ్లు కవీ, కొద్దిమంది స్నేహితులూ. వసిష్ఠుడి కబురు లేదు, నందనోద్యానం అసలే లేదు. చావు సహజమని అనడానికే కవి ఒప్పుకోడు, ఎందుకంటే ఈ చావుకు బాధ్యులు ఉన్నారు. నా దృష్టిలో కొత్తదనం అక్కడుంది. అజుడికి గురువు మాట నిజమే, మనసుకు ఎక్కలేదంతే. శ్రీశ్రీకి ఆ మాటే అబద్ధం.

చివర మాత్రం మిత్రుణ్ణి తనలోకి ఆవాహన చేసుకుని, వదిలిపోయిన పోరాటం అందుకుంటానంటాడు. ఇది ఓదార్పేనని కొందరంటారు. తీసిపారేయలేను. నాకు మాత్రం ఇది బాకీ ఒప్పుకోవడంలా వినిపిస్తుంది. బాకీ నెత్తిన ఉన్నవాడు తేరుకున్నవాడు కాడు.

ఇక పేరు. ‘విలాపం’ అంటే బిగ్గరగా ఏడ్చేవారి గొంతు కవితలో వినపడాలి. ‘స్మృతికావ్యం’ విమర్శకుల్లో స్థిరపడింది, కానీ పేజీన్నర కవితను కావ్యమనడం కాస్త బడాయి, ‘స్మృతికవిత’ చాలు. ‘నివాళి’ మాత్రం హారతి. పెళ్లిపీటల మీది వధూవరులకూ, గుళ్లో దేవుడికీ ఎత్తేది. పత్రికలవారు దాన్ని పోయినవారికే కట్టబెట్టి, ముందు ‘అశ్రు’ తగిలించారు. దీపం మీద నీళ్లు చల్లినట్టుంది. వాడుక గెలిచింది కనుక తప్పనను. కానీ మీ కవిత నిజంగా ఓదార్పు ఒప్పుకోనిదైతే, ఆ మాట దాని నెత్తిన పెట్టకండి. మిత్రుడి పేరే శీర్షికగా పెట్టి, కింద చిన్న అక్షరాల్లో స్మృతికవిత అని వేసుకోండి. సభలో ఆ పెద్దమనిషి మళ్లీ కనిపిస్తే రఘువంశం ఎనిమిదో సర్గ చివరిదాకా చదివారా అని అడగండి, మర్యాదగానే.